జుట్టు రంగు మార్చిన పోర్ట్రెయిట్‌లో కుదుళ్ల నలుపు, మధ్యలో కనిపించే రంగు గీత: ఎలా సరిచేయాలి?

ఛాయారేఖ:
నల్లటి జుట్టు ఉన్న ఒక పోర్ట్రెయిట్‌లో జుట్టును రాగి రంగు కలిసిన గోధుమ ఛాయలోకి మార్చవలసి వచ్చింది. ఫోటోషాప్‌లో Hue/Saturation లేయర్ వేసి, Colorize ఎంచుకుని, జుట్టుకు మాత్రమే వర్తించేలా మాస్క్ గీశాను. భుజాల మీద పడిన జుట్టుకు రంగు చక్కగా పట్టింది. పాపిటకు రెండు వైపులా మాత్రం ఒక పట్టీలాగా నల్లదనం మిగిలిపోయింది, పైగా నలుపు ముగిసి రాగి రంగు మొదలయ్యే చోట స్పష్టమైన గీత కనిపిస్తున్నది. Saturation ఎంత పెంచినా కుదుళ్ల దగ్గర మార్పు రావడం లేదు, కింది జుట్టు మాత్రం నారింజ రంగులోకి పోతున్నది. వెలుతురు పక్క కిటికీ నుంచి పడింది కాబట్టి పాపిట భాగం మొదటి నుంచీ నీడలోనే ఉన్నది. ఎక్కడ సరిచేయాలో చెప్పగలరా?

మల్లెతీగ:
కుదుళ్లు నల్లగా మిగలడం చాలా మందికి జరుగుతుంది. పాత రంగు మీద కొత్త రంగు వేసేటప్పుడు కుదుళ్లకు ముందుగా పట్టించి, మిగతా జుట్టుకు చివరలో, తక్కువ సేపు పట్టించాలి. గీత కనిపిస్తే ఆ రెండు ఛాయలకూ మధ్యస్థంగా ఉండే రంగును దువ్వెనతో కిందికి లాగితే కలిసిపోతుంది.

ఛాయారేఖ:
మల్లెతీగ గారూ, నేను అడిగినది ఫోటోలోని జుట్టు గురించి. అయినా మధ్యస్థ ఛాయను కిందికి లాగాలన్న మాట ఇక్కడ కూడా పనికివచ్చేలా ఉన్నది.

రంగులపెట్టె:
ఇది తేలికగా సరిపోతుంది. అదే Hue/Saturation లేయర్‌కు ఒక నకలు తీసి, దాని మాస్క్‌ను కుదుళ్లకే పరిమితం చేసి, Lightness ను 25 దాకా పెంచండి. అప్పుడు నలుపు తేలికపడి రంగు పడుతుంది. గీత ఇంకా కనిపిస్తే మొత్తం రంగు లేయర్ Opacity ని 60 శాతానికి తగ్గిస్తే సహజంగా కలిసిపోతుంది.

వెలుగునీడ:
రంగులపెట్టె గారు చెప్పిన దానిలో మొదటి సగం సరైన దిశలోనే ఉన్నది, ఎందుకంటే ఇక్కడ లోపం రంగుది కాదు, వెలుతురుది. అయితే Lightness జరుపుడు పట్టీ ఈ పనికి తగినది కాదు. దాన్ని పెంచినప్పుడు అన్ని వెలుతురు స్థాయిలూ తెలుపు వైపు జరుగుతాయి, అసలు నలుపు కూడా బూడిద రంగులోకి మారుతుంది, వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య ఉండవలసిన నీడ పోయి కుదుళ్ల మీద పొగ పరచినట్లు కనిపిస్తుంది.

ఛాయారేఖ గారూ, ముందుగా ఒక పరీక్ష చేయండి. అన్నిటికంటే పైన నలుపుతో నింపిన ఒక లేయర్ పెట్టి, దాని మోడ్‌ను Color గా మార్చండి. చిత్రం మొత్తం నలుపు తెలుపులోకి మారి వెలుతురు తేడాలు మాత్రమే మిగులుతాయి. మీ గీత ఇందులో కూడా కనిపిస్తే అది వెలుతురు గీత, ఇందులో మాయమైతే రంగు గీత లేదా మాస్క్ గీత. ఈ రెండింటికీ మందు వేరు కాబట్టి, ఏదో తేలకుండా బ్రష్ పట్టుకోవడం వల్ల పని పెరుగుతుందే తప్ప తరగదు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది వెలుతురు గీతే అనిపిస్తున్నది. రంగు మార్చే లేయర్ కింద ఉన్న వెలుతురును అలాగే ఉంచి ఛాయను, గాఢతను మాత్రమే మారుస్తుంది. దాదాపు నల్లగా ఉన్న చోట రంగు నిలవడానికి తగినంత వెలుతురే ఉండదు, అందువల్ల Saturation ఎంత పెంచినా అక్కడ మార్పు కనిపించదు.

ఛాయారేఖ:
పరీక్ష చేశాను. నలుపు తెలుపులో కూడా గీత అంతే స్పష్టంగా ఉన్నది. Info పలకలో, రంగు వేయక ముందరి చిత్రం మీద 11 బై 11 పిక్సెళ్ల సగటుతో కొలిస్తే పాపిట పక్కన మూడు చానెళ్లూ 30 చుట్టూ ఉన్నాయి, చెవి దగ్గరి జుట్టులో 82 చుట్టూ ఉన్నాయి.

వెలుగునీడ:
ఆ అంకెలు చాలా ఉపయోగపడతాయి. నలుపును సున్నాగా, తెలుపును నూరుగా లెక్కించే ల్యాబ్ కొలతలో చూస్తే కుదుళ్ల వెలుతురు సుమారు 11, చెవి దగ్గర సుమారు 35. ఈ తేడాను పూర్తిగా చెరిపివేయవద్దు. తల గుండ్రంగా ఉంటుందన్న సంగతి చూసేవారికి చెప్పేది పాపిట పక్కనున్న ఆ నీడే కాబట్టి, రెండూ సమానమైతే జుట్టు అతికించిన విగ్గులా కనిపిస్తుంది. కుదుళ్లను 26 దగ్గరికి, అంటే చానెల్ విలువ 62 దగ్గరికి తీసుకువస్తే చాలు.

రంగు లేయర్‌కు కింద ఒక Curves లేయర్ పెట్టండి. అందులో 30 దగ్గర ఒక బిందువు పెట్టి 62 కు ఎత్తండి, 120 దగ్గర ఇంకొకటి పెట్టి 132 దాకా మాత్రమే వెళ్లనివ్వండి, సున్నా దగ్గరి మూలను కదపవద్దు. ఆ మూల కదలకపోతేనే వెంట్రుకల సందుల్లోని అసలు నలుపు నలుపుగా నిలుస్తుంది. తర్వాత మాస్క్‌ను నలుపుతో నింపి, Flow 5 నుంచి 10 శాతం మధ్య ఉంచిన మెత్తటి బ్రష్‌తో తెలుపు వేస్తూ కుదుళ్లను కొద్దికొద్దిగా తేల్చండి. రంగు లేయర్ దీనికి పైన ఉంటుంది కాబట్టి, కొత్తగా వచ్చిన వెలుతురు మీద రాగి ఛాయ దానంతట అదే పడుతుంది.

మాస్క్ అంచు విషయంలో ఒక మాట. పాపిటకు సమాంతరంగా బ్రష్‌ను అడ్డంగా లాగితే, ఎంత మెత్తటి బ్రష్ అయినా, పాత గీత పోయి దానికి కొంచెం కింద కొత్త గీత వస్తుంది. పాపిట నుంచి వెంట్రుకలు పోయే దిశలోనే, ఒక గీత పొట్టిగా, పక్కది పొడవుగా, అంచు రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉండేలా లాగండి. కంటికి గీత అందేది అంచు ఒకే ఎత్తులో సాగినప్పుడే.

పాతలెన్సు:
నా అనుభవం వేరే రకమైనది. నా దగ్గరికి వచ్చిన ఫోటోలో ఆ వ్యక్తి ఎప్పుడో నిజంగానే జుట్టుకు ఎర్రటి రంగు వేయించుకున్నారు, తర్వాత సహజమైన జుట్టు చెవుల ఎత్తు దాకా పెరిగింది. మొత్తం జుట్టును ఒకే ముదురు గోధుమ రంగులోకి మార్చమన్నారు. ఎంత చేసినా చెవుల ఎత్తులో ఒక ఎర్రటి అడ్డగీత మిగిలేది. వెలుగునీడ గారు చెప్పిన నలుపు తెలుపు పరీక్షలో అది పూర్తిగా మాయమైంది. అంటే నాది రంగు గీతేనా?

వెలుగునీడ:
అవును. మీ రంగు లేయర్ ఏ మోడ్‌లో ఉన్నది?

పాతలెన్సు:
Hue మోడ్‌లో, 65 శాతం Opacity తో ఉన్నది.

వెలుగునీడ:
రెండు కారణాలూ అక్కడే ఉన్నాయి. Hue మోడ్ ఛాయను మాత్రమే మారుస్తుంది, రంగు గాఢతను కింది చిత్రం నుంచి తీసుకుంటుంది. పాత ఎరుపు ఉన్న చోట గాఢత ఎక్కువ, కొత్తగా పెరిగిన జుట్టులో తక్కువ, కాబట్టి ఛాయ ఒకటైనా గాఢతలోని మెట్టు అలాగే నిలుస్తుంది. మోడ్‌ను Color కు మార్చితే గాఢత కూడా మీ లేయర్ నుంచే వస్తుంది. ఇక 65 శాతం Opacity అంటే మిగిలిన 35 శాతం పాత ఎరుపే పైకి కనిపిస్తున్నదని అర్థం. రంగులపెట్టె గారి సలహాలో రెండవ సగంతో నాకున్న ఇబ్బంది ఇదే. ఒకే రంగు జుట్టు మీద Opacity తగ్గించడం బాగానే ఉంటుంది కానీ, రెండు రంగుల జుట్టు మీద అది గీతను తిరిగి తెస్తుంది. Opacity ని నూరు శాతం ఉంచి, మరీ గాఢంగా అనిపిస్తే లేయర్‌లోని రంగునే మందగింపజేయడం మేలు.

రంగులపెట్టె:
ఇది ఒప్పుకుంటున్నాను, నేను ఎప్పుడూ ఒకే రంగు జుట్టు మీదనే పని చేశాను. Lightness బదులు Dodge పరికరంతో, Range ను Shadows లో పెట్టి కుదుళ్లను తేల్చితే తప్పేమిటి? అది కూడా వెలుతురునే పెంచుతుంది కదా.

వెలుగునీడ:
నాలుగైదు పాయలకు అది బాగా పనిచేస్తుంది. మొత్తం పాపిటకు వాడితే బ్రష్ రెండుసార్లు పోయిన చోట మచ్చలు పడతాయి, అవి అసలు చిత్రం మీదనే పడతాయి కాబట్టి తర్వాత తగ్గించుకునే వీలుండదు.

ఛాయారేఖ:
Curves పద్ధతితో చేశాను. కుడి వైపు చాలా బాగా వచ్చింది, గీత ఎక్కడ ఉండేదో ఇప్పుడు నాకే తెలియడం లేదు. కిటికీకి దూరంగా ఉన్న ఎడమ వైపు మాత్రం తేల్చిన కొద్దీ వెంట్రుకలు రాకుండా గరుకుగా, ఎర్రటి ఆకుపచ్చటి చుక్కలు వస్తున్నాయి. ఫైలు జేపెగ్.

వెలుగునీడ:
ఎనిమిది బిట్ల జేపెగ్‌లో సున్నా నుంచి 30 వరకు ఉన్న కొద్దిపాటి మెట్లను 62 దాకా సాగదీస్తే మధ్యలో ఖాళీలు ఏర్పడతాయి, నీడలో అణిగి ఉన్న గరుకు, కుదింపు మచ్చలు పైకి వస్తాయి. ఆ ఫైలును 16 బిట్లకు మార్చినా పోయిన వివరం తిరిగి రాదు. కెమెరా రా ఫైలు దొరికితే, Exposure ను 1.5 పెంచి రెండవసారి తెరిచి, దాన్ని అసలు చిత్రం మీద లేయర్‌గా పెట్టి, అదే మాస్క్‌తో ఎడమ కుదుళ్లకు మాత్రమే వాడండి.

రా ఫైలు లేకపోతే తేల్చడం సగంలో ఆపి, మిగిలినది గీయవలసిందే. బాగా వచ్చిన కుడి వైపు నుంచి ఒక జుట్టు ముక్కను కొత్త లేయర్‌గా తీసి, అడ్డంగా తిప్పి, Warp తో తల వంపుకు సర్ది, మోడ్‌ను Lighten లో పెట్టండి. కింద ఉన్నదానికంటే వెలుతురుగా ఉన్న వెంట్రుకలు మాత్రమే పైకి కనిపిస్తాయి, నీడలు యథాతథంగా ఉంటాయి. అయితే వెలుతురు కుడి నుంచి వచ్చింది కనుక, తిప్పిన ముక్కలో మెరుపు తప్పు దిక్కున పడుతుంది. ఆ మెరుపు ఉన్న భాగాన్ని మాస్క్‌తో తీసివేయాలి. సందులు మిగిలితే రెండు మూడు పిక్సెళ్ల బ్రష్‌తో, పక్క పాయ నుంచి రంగు తీసుకుని, పాపిట నుంచి బయటికి వెంట్రుకలు గీయండి.

కుంచెగీత:
నేను గింప్ వాడతాను. అక్కడ HSL Color, LCh Color అని రెండు మోడ్‌లు ఉన్నాయి. నా అనుభవంలో రెండవదానితోనే వెలుతురు చెదరకుండా ఉంటుంది. మొదటిదానితో రాగి రంగు వేసినప్పుడు పాయలు అక్కడక్కడా మసకబారినట్లు కనిపించాయి. ఇంకొక సంగతి: పాపిటలో కనిపించే చర్మానికి రంగు అంటకుండా చూసుకోండి. గీత పోయిన తర్వాత కూడా ఏదో తేడాగా ఉందని అనిపిస్తే, చాలాసార్లు కారణం రాగి రంగు అంటిన ఆ సన్నని చర్మపు గీతే.

పాతలెన్సు:
Color మోడ్, నూరు శాతం Opacity తో నా అడ్డగీత పోయింది. కానీ కుదుళ్లను 26 దగ్గర ఆపాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. తెర మీద అది నీడలా కనిపించినా, కాగితం మీద ముద్రిస్తే ముదురు భాగాలు ఇంకా అణిగి మళ్లీ నల్ల కుదుళ్లలాగానే కనిపిస్తాయి. ముద్రణకు ఇచ్చే చిత్రాల్లో నేను ల్యాబ్ కొలతలో 30 దాకా తీసుకువెళ్తాను.

వెలుగునీడ:
తెర వెలుతురు ఎక్కువగా పెట్టుకుని పనిచేసేవారికి మీరు చెప్పినది తప్పకుండా జరుగుతుంది. నేను తెర వెలుతురును తగ్గించి చూసుకుంటాను కాబట్టి నాకు 26 సరిపోతున్నది. 30 దాటితే మాత్రం పాపిట చదునుగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఛాయారేఖ:
రా ఫైలు కోసం అడిగాను, వస్తే ఎడమ వైపును మొదటి పద్ధతిలో చేస్తాను. నా చిత్రం తెర కోసమే కాబట్టి 26 దగ్గరే ఉంచుతున్నాను. కనుబొమలు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి, రాగి జుట్టు పక్కన అవి బరువుగా కనిపిస్తున్నాయి. వాటినీ ఇదే Curves తో తేల్చవచ్చా, లేక అలాగే వదిలేయాలా?

కుంచెగీత:
నేను వాటి వెలుతురును ముట్టుకోను, రంగు లేయర్‌ను 20 శాతం మాత్రం అంటనిస్తాను. ఈ విషయంలో వేరేలా చేసేవారు ఉంటే వారి పద్ధతి కూడా చెప్పాలని కోరుతున్నాను.