సమస్య: "రాణి రాని రేయి రాజు నవ్వె"

కథలక్కయ్య:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య నా కథలోంచే ఇస్తున్నా. కథ చిన్నదే. రాజు అని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, అమెరికాలో ఉంటాడు, ఇక్కడ మనూళ్ళో మ్యాచ్ సంగతి ఎటూ తేలట్లేదు, ఆషాఢం వెళ్ళాక చూద్దాం అంటారు, శ్రావణం వచ్చాక ఇంకేదో అంటారు. వీడేమో లాప్‌టాప్ మూసేశాక పేక కలిపి రోజూ ఒక్క ముక్క తీస్తాడు, ఆఠీను రాణి పడితే అయిపోయినట్టే అని ఒట్టు. వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ తెలీదు, ఆవిడ ఇక్కడ పొద్దున్నే కాఫీ కలుపుతూ ఫోన్‌లో "ఏం ముక్క పడిందిరా" అని అడుగుతుంది. ఒక రాత్రి మళ్ళీ రాణి రాలేదు, కానీ రాజు నవ్వాడు. అక్కడితో కథ ఆపేశా. ఎందుకు నవ్వాడో మీరు చెప్పాలి.

ఆటవెలది చివరి పాదం ఇది:
రాణి రాని రేయి రాజు నవ్వె

సిక్సర్ శీను:
అక్కయ్యా ఇదిగో నాది, మొదటి బోణీ

ఆఖరోవరందు నారు పరుగులుండ
బంతి లేచి పోయె బైట పడియె
పేక మూల వేసి పెద్దగా కేరుచు
రాణి రాని రేయి రాజు నవ్వె

కథలక్కయ్య:
శీనూ, మ్యాచ్ అంటే పెళ్ళి సంబంధం నాయనా 😀

సిక్సర్ శీను:
అయ్యో! మనూళ్ళో మ్యాచ్ అంటే టోర్నమెంట్ అనుకున్నా, ఆషాఢంలో వానలకి వాయిదా పడిందేమో అని కూడా అనుకున్నా నేను. సర్లెండి, ఉంచేయండి.

యతి మాస్టారు:
ఉంచాల్సిందే. విషయం తప్పింది గానీ ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు. రాణి రాకపోయినా నవ్వడానికి ఒక కారణం చూపించాడు, సమస్య విడిపోయింది. అమ్మాయి బదులు సిక్సర్ వచ్చింది అంతే.

కొత్తకలం:
మాస్టారూ నేను మొదటిసారి రాస్తున్నాను, గణాలు మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను, తిట్టకండి

రోజు రాత్రి పేక తీసి చూచె నతడు
పెళ్ళి కుదురునేమొ యనుచు మదిని
ఆసు వచ్చెనంచు నమ్మకు చెప్పగా
రాణి రాని రేయి రాజు నవ్వె

గణాల గోపి:
గణాలు కరెక్టే కానీ మూడు పాదాల్లోనూ యతి పోయింది తమ్ముడూ. రో-తీ కలవవు, పె-య కలవవు, మూడోదాంట్లో ఆ-న అసలే కలవవు. సమస్య పాదం వాళ్ళిచ్చింది కాబట్టి అదొక్కటే బతికింది.

యతి మాస్టారు:
గోపీ, రెండు నిజం, మూడోది కాదు. మొదటి రెండు పాదాల్లో యతి లేదు, ఒప్పుకుంటా. మూడోది విడదీసి చూడు: వచ్చెనంచున్ + అమ్మకు. ఆ "న" అంచున్‌లోని ద్రుతం, దాని వెనక అసలు అక్షరం అమ్మలోని అ. ఆసులో ఆ, అమ్మలో అ, స్వరయతి చక్కగా పడింది. శీను "నారు పరుగులు" కూడా ఇదే, అందున్ + ఆరు. అక్కడ నువ్వేం అనలేదేం మరి?

గణాల గోపి:
శీను పద్యంలో నేను క్రికెట్టే చూశాను మాస్టారు 😅 ఒప్పుకున్నా.

యతి మాస్టారు:
కొత్తకలం గారూ, మీ మొదటి పాదం బాగుచేయడం తేలికే. రోజు అని మొదలుపెట్టారు కదా, నాలుగో గణం మొదట్లో రో గానీ రు గానీ వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు, ఆటవెలదిలో ప్రాసయతి చెల్లుతుంది, తేటగీతిలోనూ సీసంలోనూ చెల్లుతుంది (కందంలోకి మాత్రం ఈ అలవాటు తీసుకెళ్ళకండి). రోజుకి మోజు పెట్టండి. "రోజు రాత్రి పేక మోజుతో దీసెను". రెండో అక్షరానికి ముందున్నది రెండు చోట్లా గురువే, రెండో అక్షరం రెండు చోట్లా జు, ఇంకేం కావాలి. రెండో పాదం మీరే ప్రయత్నించండి, పెకి పిలుపు అందుకునేవి ప, ఫ, బ, భ, వ ఉన్నాయి, పక్కన ఎ, ఏ, ఇ, ఈ ఏది ఉన్నా సరే.

ఇంకొకటి, అర్థం సంగతి. "చెప్పగా" అంటే చెప్పినవాడు ఒకడు, నవ్వినవాడు మరొకడు అయిపోతాడు. చెప్పింది రాజే, నవ్వింది రాజే కదా. "చెప్పుచు" అంటే సరిపోతుంది, ర గణం పోయి భ గణం వస్తుంది, రెండూ ఇంద్రగణాలే కాబట్టి ఇబ్బంది లేదు.

రాత్రి షిఫ్టు:
నేను కూడా బయటే ఉంటాను, కథలో రాజు నేనే అనిపించి రాయకుండా ఉండలేకపోయా. నేను ముక్క తీయలేదు గానీ, ఆమె వాళ్ళ నాన్న ఫోన్ ఎత్తితే సోఫా పక్కనే కూర్చుని మాట్లాడేవాణ్ణి, ఆ సోఫా కింద ఏం ఉంటాయో ఊడ్చిన రోజే తెలుస్తుంది.

సోఫ కింద రాణి చొచ్చియుండుట జూచి
"ఇన్ని నాళ్ళు వెదకి యేమి ఫలము?
ఏబదొక్క ముక్కలే" యని తల గొట్టి
రాణి రాని రేయి రాజు నవ్వె

గణాల గోపి:
ఇది బావుంది! ఇన్నాళ్ళూ 51 ముక్కల్లో వెతికాడన్నమాట, రాణి సోఫా కింద ఉంది. లాజిక్ కూడా కుదిరింది, ఎందుకంటే పూర్తి పేక ఉంటే 52 రాత్రుల్లో ఎప్పుడో ఒకసారి ఆఠీను రాణి పడి తీరాలి కదా.

రాత్రి షిఫ్టు:
పడి తీరాలని ఏం లేదు గోపీ గారూ, తీసిన ముక్క పక్కన పెట్టేస్తే పడి తీరాలి, కానీ అక్కయ్య గారు పేక కలిపి అన్నారుగా, తీసిన ముక్క మళ్ళీ లోపల పెట్టి కలిపితే ప్రతి రాత్రీ 52లో ఒకటే ఛాన్సు, అలా 52 రాత్రులు తీసినా ఒక్కసారి కూడా పడకపోవడానికి నూటికి 36 పైనే అవకాశం ఉంటుంది, మూడో వంతు కంటే ఎక్కువ. అంటే రాణి రాకపోతే ముక్క పోయిందనుకోనక్కర్లేదు. రాజు ఇంజనీరే కాబట్టి వాడికి ఇది తెలుసు, తెలిసీ తీస్తున్నాడు, అందుకే నాకు వాడంటే జాలి.

యతి మాస్టారు:
పద్యం మీదకి వద్దాం. సో-చొ బాగా కుదిరింది, చవర్గానికీ స శ షలకీ మైత్రి ఉంది. ఇన్ని-యేమి కూడా సరే. అయితే రెండు అభ్యంతరాలు.

ఒకటి, "తల గొట్టి" అంటే ఎవడో పక్కవాడి తల పగలగొట్టినట్టుంది. తల కొట్టుకుని అనేది మీ ఉద్దేశం, అది పాదంలో పట్టదు. "తలపోసి" అని పెట్టండి, అదే సల గణం, అర్థం కూడా మెత్తబడుతుంది. "ముక్కలే యని తలపోసి", అంటే ఆలోచించి.

రెండోది, ఏబదొక్కలో ఏకి మైత్రి ముక్కలేలో లే దగ్గర వేశారు. ముక్కలు + ఏ అని విడదీస్తే స్వరం ఏ వస్తుంది, సరే. కానీ ఆ ఏ ఒక పదం కాదు, అవధారణ కోసం తగిలించిన తోక. అక్కడ స్వరయతి వేయొచ్చా అంటే నేనైతే వేయను.

రాత్రి షిఫ్టు:
సంధి జరిగింది, పర అచ్చు కనిపిస్తోంది, ఇంకెందుకు వద్దు?

యతి మాస్టారు:
వద్దనట్లేదు, నేను వేయను అంటున్నా. వేసినవాణ్ణి కొట్టను కూడా.

కథలక్కయ్య:
నాది వేరే అనుమానం. ఆ రాత్రే రాణి సోఫా కింద దొరికితే ఇంక అది "రాణి రాని రేయి" ఎలా అవుతుంది? రాణి వచ్చేసిందిగా!

రాత్రి షిఫ్టు:
పేకలోంచి రాలేదు అక్కయ్యా. దొరకడం వేరు, పడటం వేరు. ఒట్టు పడటం మీద.

కథలక్కయ్య:
ఊఁ. చూద్దాం.

యతి మాస్టారు:
అందరూ కారణాలు వెతుకుతున్నారు కాబట్టి నేను పక్కదారి పట్టా. క్రమాలంకారం. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు వరసగా చివరి పాదంలో.

పేకలోన వెదకు పిల్లయెవ్వరు? నిద్ర
కెట్టి రేయి? చివర కెవరు వచ్చె?
కబురు వినిన యమ్మ కడకేమి చేసెను?
రాణి, రాని రేయి, రాజు, నవ్వె

కొత్తకలం:
మాస్టారూ రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు, నిద్రకి ఎట్టి రేయి అంటే "రాని రేయి"!! చివరికి ముక్కల్లో వచ్చింది రాజు, అది విని నవ్వింది అమ్మ. అంటే రాజు నవ్వనే లేదు కదా?

యతి మాస్టారు:
అదే కిటుకు. రాజు ఇప్పుడు ముక్క, నవ్వింది ఆవిడ.

కథలక్కయ్య:
చప్పట్లు కొట్టాల్సిందే, కానీ మాస్టారూ, ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి. ఇందులో చమత్కారం ఉంది గానీ నా రాజు లేడు. సమస్య విడదీశారు, వాడు నవ్విన కారణం మాత్రం దాటేశారు. రాత్రి షిఫ్టు గారి పద్యంలో తల దగ్గర తడబడ్డా అందులో వాడు సోఫా కింద చెయ్యి పెట్టి వెతకడం నాకు కనిపించింది.

యతి మాస్టారు:
కోపం దేనికమ్మా, క్రమాలంకారం ఎప్పుడూ అంతే, సమస్యకి తాళం తీస్తుంది, ఇంట్లోకి వెళ్ళదు. అవధానాల్లో సమయం లేనప్పుడు ఆదుకుంటుంది. తీరిగ్గా రాసేటప్పుడు దాని జోలికి వెళ్ళడం నా బద్ధకం.

సిక్సర్ శీను:
అయితే నా క్రికెట్టులో రాజు ఉన్నాడు కదా అక్కయ్యా, పేక మూల పడేసి కేరింతలు కొట్టాడు

కథలక్కయ్య:
ఉన్నాడు. నిజానికి వాడు పేక మూల పడేయడం నా కథలో కూడా లేదు, ఆ పాదం నాకు నచ్చింది, చెప్పకూడదనుకున్నా.

కొత్తకలం:
సరిచేశాను. రెండో పాదానికి గంటన్నర పట్టింది, పెకి "బే" దొరికింది.

రోజు రాత్రి పేక మోజుతో దీసెను
పెళ్ళి కుదురునంచు బేలమదిని
ఆసు వచ్చెనంచు నమ్మకు చెప్పుచు
రాణి రాని రేయి రాజు నవ్వె

నా ఉద్దేశం ఏంటంటే, అమ్మ అడుగుతుందని తెలుసు, రాణి పడలేదని చెప్తే ఆవిడ కాఫీ చల్లారిపోతుంది, అందుకని "ఆసు వచ్చిందమ్మా, రాణి కంటే పెద్ద ముక్క" అని నవ్వుతూ చెప్పాడు.

యతి మాస్టారు:
యతులు నాలుగూ నిలబడ్డాయి. బేలమదిని అనే మాట మంచిది, అది నేనిచ్చింది కాదు.

గణాల గోపి:
ఆసు నిజంగా పడిందా, అమ్మ కోసం అబద్ధం చెప్పాడా? పద్యంలో తేలట్లేదు.

కొత్తకలం:
అది నాకూ తెలీదండి.

రాత్రి షిఫ్టు:
అబద్ధమే. నేను చెప్పినవాణ్ణే కాబట్టి తెలుసు.