అప్‌డేట్: తమ్ముడి తుంటికి కోర్ డికంప్రెషన్ అయింది

నేను అడిగింది: "తమ్ముడికి గజ్జల్లో నొప్పి. ఎక్స్‌రే నార్మల్, ఎమ్మారైలో ఏవీఎన్, అంటే రక్తం అందక తుంటి ఎముక చచ్చిపోవడం. కీలు మార్చాల్సిందేనా?"

ఇప్పటికైతే అక్కర్లేదన్నారు. తాగుడు అలవాటు లేదు కాబట్టి, కోవిడ్‌కి వాడిన స్టెరాయిడ్ల మీదే డాక్టరుగారి అనుమానం. ఎమ్మారైలో రెండు తుంటుల్లోనూ ఉంది, ఎడమవైపు నొప్పే లేదు!

కుడివైపు మొదటి స్టేజి. ఎక్స్‌రేలో నెలవంక లాంటి గీత వస్తే మృదులాస్థి కింద ఎముక విరిగినట్టేనట, అప్పుడు కోర్ డికంప్రెషన్ ఆపరేషన్ పెద్దగా పనిచేయదు. అందుకే ఆలస్యం చేయకుండా తొడ ఎముక పక్కనుంచి చచ్చిన భాగం దాకా డ్రిల్ చేసి, లోపలి ఒత్తిడి తగ్గించి, కటి ఎముక నుంచి తీసిన మజ్జ కణాలు ఎక్కించారు.

డ్రిల్ చేసిన చోట ఎముక విరగొచ్చు కాబట్టి 6 వారాలు చంకకర్రలతోనే నడక. పాడైన భాగం కాస్త పెద్దదే, ఎముక తల కుంగదని గ్యారంటీ ఇవ్వలేదు. ఎడమవైపు మచ్చ చిన్నది, 6 నెలలకు మళ్ళీ ఎమ్మారై తీసి చూస్తారు.