‘చూస్తున్నాం’ అని రాసి పడుకున్నాను, తెల్లారేసరికి ఒక్కొక్కరికి రెండు బిల్లులు

పెన్నా గట్టు, కడప: ఇంటి నుంచే పని చేస్తాను. క్లయింటు చికాగోలో. అక్కడ అర్ధరాత్రి నడిచే బిల్లుల లోడు మధ్యలో ఆగింది; 40,000 వరుసల్లో 31,000 ఎక్కాయి. నేను సాయంత్రం మొదటి నుంచి మళ్లీ నడిపి, హ్యాండోవర్ నోటులో ‘రీరన్ చేశాం, చూస్తున్నాం’ అని రాశాను. పాతవి రెండోసారి ఎక్కుతాయేమోనన్న అనుమానం అప్పుడే ఉంది. ఏడు గంటల కాల్‌లో ‘సందేహాలున్నాయా?’ అని అడిగితే ఎవరమూ నోరు విప్పలేదు. మధ్యాహ్నానికి అక్కడ బిల్లులు వెళ్లిపోయాయి. మీరు నోటు ఎలా రాస్తారు?

కొండారెడ్డి బురుజు: ఆన్‌సైట్ వెళ్లాలంటే వీసాకు కంపెనీ ఎన్నేళ్లకు పంపుతుందో ఎవరైనా చెప్పగలరా?

అనంత వేరుశనగ: అది వేరే చర్చ అండీ. పెన్నా గారూ, నోటులో అందరినీ కాపీలో పెట్టండి, బాధ్యత మీ మీద ఉండదు.

పాత షిఫ్టు మనిషి, కర్నూలు: పన్నెండేళ్లు రెండు వైపులా చేశాను. కాపీలో పెట్టడం మంచిదే, కానీ ఇరవై మందికి పోయిన మెయిలు ఎవరిదీ కాదు. ‘చూస్తున్నాం’ అంటే మీకు ‘ఇంకా తేలలేదు’, అవతలివాళ్లకు ‘పని వీళ్ల చేతిలో ఉంది, నేను ముట్టుకోనక్కర్లేదు’. మీ నోటు ఇలా ఉండాల్సింది: ‘31,000 ఎక్కాక ఆగింది. మొదటి నుంచి మళ్లీ నడిపాను. పాతవి చెరిపానో లేదో నిర్ధారించలేదు. కింది క్వెరీ ఖాళీగా వచ్చేదాకా బిల్లులు పంపవద్దు. ఇది మీ వైపు ఫలానా వ్యక్తి పదిన్నరలోపు చూడాలి.’

```sql
SELECT bill_no, COUNT(*)
FROM bill_load
GROUP BY bill_no
HAVING COUNT(*) > 1;
```

కాల్ సంగతికొస్తే, ‘సందేహాలున్నాయా?’ అంటే మన వాళ్లు మౌనంగా ఉంటారు. లీడ్ ముందు తెలియదనడం మనకు నామోషీ. నేను ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు పేరు పెట్టి పిలిచి, ‘ఈ రాత్రి ఏది చెడిపోవచ్చు?’ అని అడిగేవాణ్ణి. అప్పుడు చెప్పేవారు.

పెన్నా గట్టు: ‘పంపవద్దు’ అని క్లయింటుకు రాయడానికి నాకు అధికారం ఉందా? లీడ్‌కు ఫోను చేశాను, ఎత్తలేదు. ఆయన్ని దాటి మేనేజరుకు చేస్తే వార్షిక సమీక్షలో గుర్తుపెట్టుకుంటారు.

పాత షిఫ్టు మనిషి: అందుకే గొడవ లేని రోజునే వరుస రాయించుకోవాలి: లీడ్ పదిహేను నిమిషాల్లో ఎత్తకపోతే మేనేజరు, తర్వాత ఆన్‌సైట్ సమన్వయకర్త. లీడే ఒప్పుకున్న కాగితం ఉంటే దాటినట్టు కాదు.

అనంత వేరుశనగ: మా దగ్గర ఆ కాగితం ఉంది. అయినా పాటించిన కుర్రవాడికి ఆ ఏడాది రేటింగు తగ్గింది. కారణం అదేనని ఎవరూ అనలేదు.

పాత షిఫ్టు మనిషి: దానికి నా దగ్గర మందు లేదు. ఇంకొకటి, నవంబరు మొదటి ఆదివారం చికాగో గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది. మన ఏడు అంటే అక్కడ ఎనిమిదిన్నర కాదు, ఏడున్నర. నోటులో గంటలు రాస్తే ఏ ఊరివో కూడా రాయండి. నా ‘పదిన్నర’ కూడా చికాగోదే, పైన రాయడం మరిచాను.