రీల్‌కి లక్షా ఎనభై వేల వ్యూస్, టికెట్లు 142. ప్రమోషన్ పనిచేస్తోందా?

సిరిపురం షో వాడు (గురువారం): అందరికీ నమస్కారం. వచ్చే వారం శనివారం విశాఖ సిరిపురంలో హాలు తీసుకుని లైవ్ బ్యాండ్ షో పెడుతున్నాం. 600 సీట్లు. రీల్ లక్షా ఎనభై వేల వ్యూస్ దాటింది. టికెట్ యాప్ పంపే రోజువారీ లెక్కలో మాత్రం 142 దగ్గరే ఉంది. అమ్మకం మొదలై తొమ్మిది రోజులైంది, ఇంకో తొమ్మిది రోజులే ఉంది. ఎవరు రీల్ చూసి కొన్నారో యాప్ చెప్పదు. రీల్‌కి ఇంకో పాతిక వేలు పెట్టాలా వద్దా? టెన్షన్‌గా ఉంది.

గాజువాక తమ్ముడు: అన్నా, ఆ వ్యూస్ కొన్నవి అయ్యుంటాయి. కామెంట్లు చూడు, అన్నీ నిప్పు బొమ్మలే ఉంటే దొంగ వ్యూసే.

సిరిపురం షో వాడు: కొనలేదు తమ్ముడూ. నా ప్రశ్న అది కాదు.

ఎంవీపీ ప్రమోషన్ల మేడమ్: చాలా సింపుల్ అండి. టికెట్ లింక్ చివర ఇది తగిలించండి, ఏ టికెట్ ఎక్కడినుంచి వచ్చిందో మొత్తం తెలిసిపోతుంది.

```
?utm_source=instagram&utm_campaign=reel1
```

పాత టికెట్ కౌంటర్: సగం కరెక్టు మేడమ్. ఆ తోకను చదివేది లింక్ దిగే సైట్ వాళ్ల అనలిటిక్స్. దిగేది టికెట్ యాప్‌లో అయితే వాళ్లకి కనబడుతుంది, మనకి కాదు. అందుకే మధ్యలో మన సొంత పేజీ ఒకటి ఉండాలి. షో తేదీ, హాలు, ఒక "బుక్ చేయండి" బటన్ చాలు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది బటన్ నొక్కారు, అక్కడిదాకా లెక్క మన చేతిలో ఉంటుంది. ఆ తర్వాతది తెలియాలంటే దారికో డిస్కౌంట్ కోడ్ ఇవ్వాలి.

షో బాబూ, ముందు రెండు చూసి చెప్పండి. ఇన్‌సైట్స్‌లో రీల్ ఎంతమందికి చేరింది, అందులో విశాఖ శాతం ఎంత? 142 టికెట్లు ఎన్ని బుకింగులు? నలుగురి టికెట్లు ఒక్కరే కొంటారు. కొనాలనుకున్నది ఒక్కరు, టికెట్లు నాలుగు.

సిరిపురం షో వాడు: చేరింది లక్షా పది వేల మందికి. విశాఖ 9 శాతమే, హైదరాబాద్ 38. బుకింగులు 51. మొదటి రోజే 23, అవి మా బంధువులూ స్నేహితులే.

పాత టికెట్ కౌంటర్: అంటే మన ఊళ్లో చూసింది పది వేల మందికి కాస్త తక్కువ. హైదరాబాద్ వాళ్లు రైలెక్కి రారు కదా. ఇక బయటివాళ్ల బుకింగులు ఎనిమిది రోజుల్లో 28, రోజుకి మూడో నాలుగో. మీరు పోల్చుకోవాల్సిన అంకె ఇది, లక్షా ఎనభై వేలు కాదు. పేజీ పెట్టి, రీల్‌కి ఒక కోడ్, వాట్సాప్ గ్రూపులకి ఇంకో కోడ్ ఇచ్చి రెండు రోజులు చూడండి. ఆ రెండు రోజులూ కొత్తగా ఇంకేమీ మొదలుపెట్టకండి.

శ్రీకాకుళం డిస్ట్రిబ్యూటర్: మా సినిమాల లెక్క వేరు. ట్రైలర్ వ్యూస్ ఎవడూ నమ్మడు, గురువారం రాత్రి అడ్వాన్స్ బుకింగ్ మ్యాప్‌లో సీట్లు ఎంత నిండాయో చూస్తాం. అదీ ఒక్కోసారి మోసమే. హాలు వాళ్లు తమకోసం ఆపుకున్న సీట్లు కూడా అమ్ముడైనట్టే కనిపిస్తాయి.

సిరిపురం షో వాడు (ఆదివారం): పేజీ పెట్టాం. శుక్ర, శని రెండు రోజుల్లో రీల్ నుంచి 214 మంది వస్తే 61 మంది బటన్ నొక్కారు. సంగీతం క్లాసుల వాట్సాప్ గ్రూపుల నుంచి 47 మందే వచ్చారు, 29 మంది నొక్కారు. బుకింగులు 15. అందులో వాట్సాప్ కోడ్‌తో 8, రీల్ కోడ్‌తో 2. రోజుకి మూడున్నర అనుకుంటే రెట్టింపు దాటింది!

ఎంవీపీ ప్రమోషన్ల మేడమ్: వీకెండ్ కదండి, మామూలుగానే పెరుగుతుంది. పోయిన శుక్ర, శనివారాలు ఎంత?

సిరిపురం షో వాడు: 4, 5.

పాత టికెట్ కౌంటర్: మేడమ్ అడిగింది సరైన ప్రశ్న. 9 రావాల్సిన చోట 15 వచ్చాయి, అంటే పెరిగింది సుమారు 6. కానీ కోడ్‌లు వాడింది 10 మంది. కొందరు ఎలాగూ కొనేవాళ్లే, డిస్కౌంట్ దొరికిందని వాడుకున్నారన్నమాట. రీల్ చూసి కోడ్ మర్చిపోయి కొన్నవాళ్లూ ఉంటారు, ఆ మిగతా 5లో ఎంతమందో తేలదు. అంకెలు చిన్నవి, రెండు రోజులకే ఒట్టేసి చెప్పలేం.

నేనైతే ఆ పాతిక వేలు రీల్‌కి పెట్టను. ఐదు వేలు తీసి సిరిపురం చుట్టూ 15 కిలోమీటర్లకే యాడ్ పెడతాను, మిగతా వీక్‌డేస్‌లో గ్రూపుల వాళ్లని పట్టుకుంటాను. గేటు దగ్గర "ఎలా తెలిసింది?" అని అడగడానికి ఒక కుర్రాణ్ణి పెట్టండి.

గాజువాక తమ్ముడు: మనూళ్లో చివరి రెండు రోజుల్లోనే కొంటారు కదా అన్నా, ఇప్పుడే ఎందుకు కంగారు?

పాత టికెట్ కౌంటర్: కొంటారు తమ్ముడూ. ఎంత కొంటారో ఇదే హాల్లో పాత షో లెక్క ఉంటే తెలిసేది. షో బాబూ, ఉందా?

సిరిపురం షో వాడు: ఇదే మొదటిది సార్. బుధవారం అంకెలు పెడతాను.