సంక్రాంతికి ఊరెళ్లిన రోజులు: కెనడా పౌరసత్వానికి ఏ తేదీలు రాయాలి?

శ్రీను: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 2023 డిసెంబరు 10 రాత్రి టొరంటోలో విమానం ఎక్కాను, హైదరాబాదులో పడిన ముద్ర 12. పండగ, ప్రభల తీర్థం అయ్యాక ఫిబ్రవరి 4న తిరిగి బయల్దేరాను. ఇమిగ్రేషన్ దాటేసరికి అర్ధరాత్రి కాలేదు, ముద్ర 4 అని పడింది. విమానం 5 తెల్లవారుజామున, అదే రోజు టొరంటోలో దిగాను. పౌరసత్వం దరఖాస్తులో ఏవి రాయాలి?

రాంబాబు: పాస్‌పోర్టు ముద్రలే సాక్ష్యం. అవే చూసి రాసేయండి.

సత్యవేణి: రాంబాబు గారూ, ముద్రలు దాచుకోవాలన్నది నిజమే, కానీ అవి ఇండియా తేదీలు. కెనడా అడిగేది తన గడ్డ ఎప్పుడు విడిచారు, ఎప్పుడు తిరిగొచ్చారు అని. శ్రీనూ, నువ్వు డిసెంబరు 10, ఫిబ్రవరి 5 రాయి. వెళ్లిన రోజూ వచ్చిన రోజూ కెనడాలో ఉన్నట్టే లెక్క, కాబట్టి లేని రోజులు డిసెంబరు 11 నుంచి ఫిబ్రవరి 4 దాకా: 21, 31, 4, మొత్తం 56. ముద్రలు చూసి 12, 4 అని రాస్తే 53 వస్తాయి. కెనడా సరిహద్దు వాళ్ల రికార్డు 56 చూపిస్తుంది. ఐదేళ్లలో కనీసం 1095 రోజులు కెనడాలో ఉండాలి కాబట్టి, సరిగ్గా అన్ని రోజులకే దరఖాస్తుపై సంతకం పెట్టినవాడికి ఆ మూడు రోజులతో అర్హతే పోతుంది. ఐదేళ్లు వెనక్కి లెక్కపెట్టేది సంతకం చేసిన తేదీ నుంచే. పదో ఇరవయ్యో రోజులు ఎక్కువ ఉన్నాకే పెట్టు.

వెంకటలక్ష్మి: మా అబ్బాయి నాలుగు నెలలు భీమవరంలో ఉండి కెనడా కంపెనీకే పనిచేశాడు, పన్నూ కట్టాడు. అవి కలుస్తాయి కదండీ?

సత్యవేణి: కలవవండి. కెనడా కంపెనీ పంపితే బయట చేసిన ఉద్యోగం పనికొచ్చేది పీఆర్ అనే శాశ్వత నివాస హోదా నిలబెట్టుకోవడానికి, అంటే ఐదేళ్లలో 730 రోజుల లెక్కకి. అక్కడ కూడా ఇంటి నుంచి చేసుకున్న పని చెల్లుతుందని అనుకోకండి. పౌరసత్వానికి మనిషి కెనడాలోనే ఉండాలి. పీఆర్‌కి ముందు స్టూడెంటుగానో వర్క్ పర్మిట్ మీదో ఉన్న రోజులు మాత్రం సగం చొప్పున కలుస్తాయి, గరిష్ఠంగా 365.

శ్రీను: కారులో అమెరికాలోని బఫెలో వెళ్లి సాయంత్రానికి వచ్చేసినవి కూడా రాయాలా? తేదీలు గుర్తులేవు.

సత్యవేణి: రాయాలి. అదే రోజు తిరిగొస్తే ఒక్క రోజూ తగ్గదు, కానీ వదిలేస్తే నీ జాబితాకీ వాళ్ల రికార్డుకీ పొంతన ఉండదు. సరిహద్దు వాళ్లని నీ ప్రయాణాల చరిత్ర ఇమ్మని అడుగు. అమెరికా రాకపోకలు చూపించే I-94 వెబ్‌సైటులో కూడా కొన్ని దొరుకుతాయి, కారులో వెళ్లినవి మాత్రం అన్నీ ఉండవు. బ్యాంకు కార్డు ఖర్చులు చూస్తే మిగిలినవి పట్టుకోవచ్చు.

రాంబాబు: పాత పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్ల సంగతేంటి? ముద్రలే లేవు కదా.

సత్యవేణి: టిక్కెట్ల మెయిళ్లు, బోర్డింగ్ పాసులు వెతకాలి. పోయిందని ఒక వివరణ కాగితం జతచేయాలి. దాన్ని అధికారి ఎంతవరకు ఒప్పుకుంటారో ఆయన్ని బట్టే ఉంటుంది, ఎవరికైనా అలా జరిగి ఉంటే రాయండి.