అద్దెనా, ఈఎంఐనా: పదేళ్ల లెక్క ఒక్క అంకె దగ్గర ఆగింది

మియాపూర్‌లో అద్దె 22,000, ఏటా 5% పెరుగుతుంది. అలాంటి ఫ్లాటే 75 లక్షలు చెబుతున్నారు. రిజిస్ట్రేషన్‌తో కలిపి చేతి నుంచి 21 లక్షలు, లోన్ 60 లక్షలు, 8.5% వడ్డీ, 20 ఏళ్లకు ఈఎంఐ 52,069.

మొదట ఎక్సెల్‌లో వేస్తే కొనడమే మేలని వచ్చింది. తీరా చూస్తే, పదేళ్లు కట్టాక కూడా మిగిలే 42 లక్షల అసలు తీసేయడం మర్చిపోయాను! సరిచేశాను. ఆ 21 లక్షలూ, నెలనెలా ఈఎంఐకీ అద్దెకీ ఉన్న తేడా ఫండ్లలో పెడితే 10% రాబడితో సుమారు 1.05 కోట్లు. ఫ్లాటు ధర ఏటా 5% పెరిగితే అప్పు పోను 80 లక్షలే, 8% అయితే 1.2 కోట్లు. 7% దగ్గర రెండూ సమానం. పన్నులు, మెయింటెనెన్స్ కలపలేదు.

బ్రోకర్లను అడిగితే కొత్త ఫ్లాట్ల ధరలే చెబుతున్నారు. అటువైపు పదేళ్ల పాత ఫ్లాటు అమ్మినవాళ్లు ఉంటే, కొన్న ధర మీద ఏటా ఎంత శాతం పెరిగిందో చెప్తారా?