అమ్మమ్మ గురించి రాస్తే ‘చెప్పేది’ అనాలా, ‘చెప్పేవారు’ అనాలా?

సీతాఫలం: మా కుటుంబం పుస్తకం కోసం అమ్మమ్మ గురించి రాస్తున్నా. ఇంట్లో ‘అమ్మమ్మ చెప్పింది’ అనే అంటాం. మావయ్యేమో ‘పెద్దావిడని పట్టుకుని ‘ది’ ఏంటే’ అంటున్నాడు. సగం మార్చాను, ఇలా తయారైంది: “అమ్మమ్మ చీకటితోనే లేచేది. ఆవిడ ఒక్కతే బావి నీళ్లు తోడేవారు. పనివాళ్లని ఏనాడూ కసురుకోలేదు.” చదువుతుంటే ఎక్కడో తట్టుకుంటోంది.

గోదారిగట్టు: ఇందులో ఏముందండీ. ‘గారు’ ఉంటే ‘రు’, లేకపోతే ‘డు’, ‘ది’. అంతే.

పాత ప్రూఫురీడరు: ‘గారు’ ఉంటే ‘రు’ తప్పదు, అంతవరకు నిజమే. లేకపోయినా ‘ఆయన వచ్చాడు’, ‘ఆయన వచ్చారు’ రెండూ నడుస్తాయి. ‘ఆవిడ’కీ అంతే. ‘వాడు వచ్చారు’ మాత్రం కుదరదు.

సీతాఫలం గారూ, చిక్కు రెండో వాక్యంలో ఉంది. ‘ఒక్కతే’ అన్నాక ‘తోడేవారు’ పొసగదు. ‘ఒక్కతే తోడేది’ అనండి, లేదా ‘ఒక్కరే తోడేవారు’ అనండి. క్రియల్ని మాత్రమే వెతికి మారిస్తే ఇలాంటివి మిగిలిపోతాయి. మూడో వాక్యం జోలికి వెళ్లకండి. ‘కసురుకోలేదు’ అమ్మమ్మకీ, తాతయ్యకీ, పిల్లికీ ఒకటే. అదే ‘ఎవరినీ కసురుకోదు’ అని రాసుంటే ‘కసురుకోరు’ చేయాల్సి వచ్చేది.

ఓరుగల్లు పోరి: మా దిక్కు ‘సారు వచ్చిండు’ అంటం. సారంటే భయం, భక్తి రెండూ ఉంటయి, అయినా ‘డు’నే. పేపర్ల గూడ మంత్రి ‘అన్నారు’, సెంచరీ కొట్టినోడు ‘కొట్టాడు’. మరి ఆయనకు గౌరవం లేదా?

డల్లాస్ నాన్న: మావాడు ‘నాన్న వచ్చింది’ అంటాడండీ. దీనికేం చేయాలి?

పాత ప్రూఫురీడరు: మీది వేరే సంగతి. ఒక్కరే అయితే అమ్మ, ఆవు, బస్సు అన్నీ ‘వచ్చింది’. మగవాడొక్కడే విడిగా ‘వచ్చాడు’. పిల్లాడి చెవిన ‘ది’ ఎక్కువ పడుతుంది మరి. ఎక్కువమంది అయితే లెక్క తిరగబడుతుంది. అక్కలు, అన్నలతో కలిసి ‘వచ్చారు’లోకి వెళ్తారు, ఆవులూ బస్సులూ ‘వచ్చాయి’ దగ్గర ఆగిపోతాయి. ‘అక్కలు వచ్చాయి’ అంటున్నాడేమో గమనించండి.

సీతాఫలం గారూ, మీ మావయ్యగారి బాధ కూడా ఇక్కడే ఉందేమో. ‘ఆయన వచ్చాడు’ అంటే కనీసం మనిషని తెలుస్తుంది. ‘వచ్చింది’ అంటే బస్సూ కావచ్చు.

సీతాఫలం: అమ్మమ్మని బస్సుతో కలిపేశారు! అయినా ‘ది’లోనే ఉంచుతా. ‘చెప్పేవారు’ అంటే ఎవరో పక్కింటి పెద్దావిడలా ఉంది. ఇంకోటి: “పొద్దుగూకాక అమ్మమ్మా, ఆవూ ఇంటికి వచ్చే...” వచ్చేవారా, వచ్చేవా?

గోదారిగట్టు: ‘వచ్చేవారు’ అనేయండి, ఆవు కూడా ఇంటి మనిషేగా.

ఓరుగల్లు పోరి: నాకైతే రెండూ ఎబ్బెట్టుగనే ఉన్నయి.

పాత ప్రూఫురీడరు: నాకూ అంతే. నేనైతే ‘అమ్మమ్మ ఆవుని తోలుకుని వచ్చేది’ అని రాసి తప్పించుకుంటా.